గ్లాకోమా ఉన్నవాళ్లు రాత్రి బీపీ మరీ పడిపోతోందేమో ఎలా తెలుసుకోవాలి

"కంటి ప్రెషర్ తగ్గింది కదమ్మా, చుక్కలు ఒక్క పూట మానలేదు కదా. మరి చూపెందుకు తగ్గుతోంది?"

తెనాలిలో ఉండే మా మావయ్య నన్ను అడిగిన ప్రశ్న ఇది. నేను ఆప్టోమెట్రిస్టుని, రోజూ గ్లాకోమా పేషెంట్లకు, చుట్టూ ఎంత మేర కనబడుతోందో కొలిచే ఫీల్డ్ టెస్టులు చేస్తాను. ఆయనకి 67 ఏళ్లు, నార్మల్ టెన్షన్ గ్లాకోమా. అంటే కంటి ప్రెషర్ ఎప్పుడూ 21 దాటకపోయినా కంటి నరం దెబ్బతినే రకం నీటికాసులు. మందులకు ముందు 18 ఉండే ప్రెషర్ చుక్కలతో 12కి వచ్చింది. అయినా మూడేళ్లలో ఎడమ కంటి ఫీల్డ్ రిపోర్టులో MD అనే అంకె -4.5 నుంచి -7.0కి జారింది. ఆ అంకె సున్నాకి ఎంత దూరం పోతే చూపు అంత పోయినట్టు. నరం అంచున సన్నటి రక్తపు గీత కూడా రెండుసార్లు కనిపించింది.

దానికి జవాబు కంటి ఆసుపత్రిలో దొరకలేదు. ఆయన రాత్రి భోజనం తర్వాత వేసుకునే మాత్రల్లో దొరికింది. దాన్ని ఎలా పట్టుకున్నామో వరసగా చెబుతాను. మీకో, మీ ఇంట్లో పెద్దవాళ్లకో గ్లాకోమాతో పాటు బీపీ కూడా ఉంటే ఇదే దారిలో చూసుకోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఇక్కడ రాసిందంతా డాక్టరుతో మాట్లాడటానికి సిద్ధం కావడం కోసమే. ఏ బీపీ మాత్రనూ మీ అంతట మీరు ఆపకండి. క్లోనిడిన్ లాంటివి, మెటోప్రోలాల్ లాంటి బీటా బ్లాకర్లు ఉన్నట్టుండి మానేస్తే బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది, గుండెకి ప్రమాదం.

అసలు రాత్రి ఏం జరుగుతుంది

కంటి నరానికి రక్తం చేరాలంటే రక్తనాళాల్లోని ఒత్తిడి కంటి లోపలి ఒత్తిడిని దాటుకుని రావాలి. మేడ మీది ట్యాంకు నుంచి కుళాయికి నీళ్లు వస్తున్నాయనుకోండి. ట్యాంకులో మట్టం తగ్గినా, కుళాయి దగ్గర ఎవరైనా పైపు నొక్కిపట్టినా ధార సన్నబడుతుంది. మట్టం బీపీ, నొక్కు కంటి ప్రెషర్.

నిద్రలో ఈ రెండూ మనకు ఎదురుతిరుగుతాయి. చాలామందికి నిద్రలో బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది, అది సహజం, గుండెకి మంచిది కూడా. అదే సమయంలో పడుకోవడం వల్ల కంటి ప్రెషర్ కొన్ని పాయింట్లు పెరుగుతుంది. పగలు కూర్చోబెట్టి చూస్తే 12 ఉన్న కన్ను రాత్రి పడుకున్నప్పుడు 15, 16 ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కంట్లో రక్తనాళాలు తమంతట తామే వెడల్పై ఈ తేడాను సర్దుకుంటాయి. గ్లాకోమా ఉన్న చాలామందిలో ఆ సర్దుబాటు బలహీనంగా ఉంటుంది. ఇలాంటి మనిషికి రాత్రి పూట బీపీ మందు ఎక్కువైతే సహజంగా పడే బీపీ ఇంకా కిందికి పోతుంది. ఇలా ప్రతి రాత్రీ తెల్లవారుజాము దాకా నరానికి రక్తం చాలకపోవచ్చు. నొప్పి ఉండదు, కాబట్టి ఎవరికీ తెలియదు.

ఈ విషయాన్ని గట్టిగా పట్టుకుని చెప్పినవాళ్లలో ముఖ్యుడు సోహన్ సింగ్ హేరే. పంజాబ్‌లో పుట్టి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన కంటి శాస్త్రవేత్త. 1994లో ఆయన బృందం కంటి నరం జబ్బులున్నవాళ్లకు 24 గంటలూ బీపీ కొలిచి, రాత్రి బీపీ పడిపోవడం ఆ నరానికి చేటు చేయగలదని రాసింది. 2014లో మేరీ చార్ల్‌సన్ బృందం నార్మల్ టెన్షన్ గ్లాకోమా వాళ్లను ఏడాది పాటు గమనించి, రాత్రి బీపీ పగటి సగటు కంటే ఎంత కిందికి, ఎంతసేపు పడిపోతే ఫీల్డ్ అంత ఎక్కువ దెబ్బతింటోందని చూపింది.

ఇందులో ఒక హద్దు ఉంది, దాచకూడదు. ఇవన్నీ గమనించి చెప్పిన అధ్యయనాలు. రాత్రి బీపీని కాస్త పైకి తెస్తే గ్లాకోమా నెమ్మదిస్తుందని పెద్ద ట్రయల్ ఏదీ రుజువు చేయలేదు. కెనడాలో మామూలు బీపీ పేషెంట్ల మీద చేసి 2025లో ప్రచురించిన బెడ్‌మెడ్ ట్రయల్‌లో, మాత్రలు రాత్రి వేసుకున్నవాళ్లకు కొత్తగా గ్లాకోమా ఎక్కువగా రాలేదు. కాబట్టి బీపీ ఉన్న ప్రతివాళ్లూ రాత్రి మాత్ర చూసి భయపడనక్కర్లేదు. నేను మాట్లాడుతున్నది ఇప్పటికే నరం దెబ్బతిన్నవాళ్ల గురించి, అందులోనూ కంటి ప్రెషర్ బాగున్నా చూపు తగ్గుతున్నవాళ్ల గురించి.

మొదటి పని: ఈ అనుమానం మీకు వర్తిస్తుందా

మీ పాత ఫీల్డ్ రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టండి. ఒక్క రిపోర్టులో MD తగ్గితే దానికేమీ అర్థం లేదు. నిద్ర చాలకపోయినా, పరీక్ష మధ్యలో విసుగు వచ్చినా తగ్గుతుంది. కనీసం నాలుగైదు రిపోర్టుల్లో ఒకే వైపు జారుతుంటే అప్పుడు ఆలోచించాలి. ఆ కాలమంతా కంటి ప్రెషర్ డాక్టరు పెట్టిన లక్ష్యం లోపలే ఉందా చూడండి. చుక్కలు నిజంగా వేసుకుంటున్నారా అన్నది ఇంట్లో నిజాయితీగా తేల్చుకోవాలి. చుక్కలు మానేసి బీపీ మీద నెపం పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

చుక్కలు సరిగ్గా పడుతూ, ప్రెషర్ బాగుండి, అయినా ఫీల్డ్ జారుతుంటే ఈ అనుమానానికి బలం ఉంది. చూపు మధ్యకు దగ్గరలోనే మచ్చ ఏర్పడటం, నరం అంచున రక్తపు గీతలు కనిపించడం, చేతులూ కాళ్లూ ఎప్పుడూ చల్లగా ఉండటం, పొద్దున లేవగానే తల తిరగడం, రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు తూలడం, ఇవి దాన్ని ఇంకా పెంచుతాయి. మావయ్య రాత్రి ఒకసారి తలుపు పట్టుకుని కూలబడ్డారని అత్తయ్య చెప్పింది. అది ఎవరూ కంటి డాక్టరుకి చెప్పలేదు, కంటికి సంబంధం లేదనుకున్నారు.

ఒక రోజు పొద్దున నిద్ర లేవగానే ఒక కంట్లో పైసగమో కిందిసగమో తెర పడినట్టు నల్లబడితే మాత్రం ఈ వరసలన్నీ పక్కన పెట్టి అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లండి. కంటి నరానికి హఠాత్తుగా రక్తం ఆగితే ఇలా అవుతుంది.

రెండో పని: మాత్రల పట్టిక

ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, చుక్కల సీసాలతో సహా, ఒక బల్ల మీద పెట్టండి. ప్రతి దానికీ మూడు విషయాలు రాయండి: పేరు, మోతాదు, వేసుకునే గంట. "రాత్రి" అని రాస్తే చాలదు, "రాత్రి 9" అని రాయాలి. ఏ డాక్టరు రాశారో కూడా పక్కన రాయండి. తప్పు సాధారణంగా ఆ వరసలోనే బయటపడుతుంది.

మావయ్య పట్టిక ఇది. పొద్దున 8కి టెల్మిసార్టాన్ 40, బీపీ డాక్టరు రాసింది. రాత్రి 9కి సిల్నిడిపిన్ 10, క్లినిక్‌లో ఒకరోజు బీపీ 150 కనబడితే అదే డాక్టరు కలిపింది. రాత్రి 9కే టామ్సులోసిన్, ప్రోస్టేట్ కోసం యూరాలజీ డాక్టరు రాసింది. రాత్రి 10కి రెండు కళ్లలో లటానోప్రోస్ట్ చుక్క, దానితో పాటు టైమోలాల్ చుక్క రెండో డోసు, కంటి డాక్టరు రాసింది.

ముగ్గురు డాక్టర్లు, ఒక్కొక్కరూ తమ జబ్బుకి తగిన మందే రాశారు. అన్నీ రాత్రి 9, 10 మధ్య చేరాయి. టామ్సులోసిన్ ప్రోస్టేట్ మాత్ర అయినా కొందరిలో బీపీని కూడా తగ్గిస్తుంది. ప్రోస్టేట్‌కీ బీపీకీ వాడే ప్రజోసిన్ అయితే మరీ. టైమోలాల్ కంటి చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది, గుండె వేగాన్నీ బీపీనీ తగ్గించగలదు. దాన్ని బీపీ మందుల లెక్కలో వేసేవాళ్లు చాలా తక్కువ.

మూడో పని: 24 గంటల బీపీ రికార్డింగ్

రాత్రి బీపీ పగలు తెలియదు. క్లినిక్‌లో 150 ఉన్నా రాత్రి 90 ఉండవచ్చు. అలారం పెట్టుకుని మూడింటికి లేచి కొలిస్తే సరిపోతుందా అని అడుగుతారు. లేవడంతోనే బీపీ పెరుగుతుంది కాబట్టి అది నిద్రలోని అంకె కాదు. అలా లేచి చూసినా పై అంకె 90 దగ్గర ఉంటే మాత్రం అది గట్టి సూచనే.

సరైన దారి ఆంబులేటరీ బీపీ రికార్డింగ్. చేతికి పట్టీ, నడుముకి చిన్న పెట్టె కట్టి పంపుతారు. పగలు 20, 30 నిమిషాలకోసారి, రాత్రి అరగంటకో గంటకో అదే కొలుచుకుంటుంది. గుండె డాక్టర్లున్న చాలా ఊళ్లలో దొరుకుతుంది. కట్టించుకునేటప్పుడు కొన్ని విషయాలు గుర్తుపెట్టుకోండి.

మీరు ఎప్పటిలాగే ఉండే రోజున కట్టించుకోండి. మాత్రలు, చుక్కలు మామూలు వేళకే వేసుకోండి. బాగా ఉండాలని ఆ రోజు మాత్ర మానేస్తే పరీక్షే వృథా. తక్కువగా వాడే చేతికి కట్టించుకోండి, వదులు చేతుల చొక్కా వేసుకోండి. పట్టీ బిగుసుకుంటున్నప్పుడు చేయి కదల్చకుండా పక్కకు జారవిడవండి. పడుకున్న గంట, లేచిన గంట కాగితం మీద రాయండి. మెషీన్ లెక్క రాత్రి 10 నుంచి 6 అని ఉండి, మీరు పన్నెండింటిదాకా టీవీ చూస్తే రాత్రి సగటు తప్పుతుంది.

ఒకటి చాలామందికి తెలియదు. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు పట్టీ ఉన్న చేయి పైన ఉంటే అది గుండె కంటే ఎత్తులో ఉంటుంది. అప్పుడు బీపీ నిజం కంటే బాగా తక్కువ చూపిస్తుంది. అందుకే వీలైనంతవరకు వెల్లకిలా పడుకోండి, లేదా ఎటు తిరిగి పడుకున్నారో గుర్తున్నంతవరకు రాయండి. కనీసం పగలు 20, రాత్రి 7 సరైన కొలతలు వస్తేనే రిపోర్టును నమ్మాలి. ఆ రాత్రి అసలు నిద్రే పట్టకపోతే మళ్లీ చేయించుకోవాలి.

నాలుగో పని: రిపోర్టు చదవడం

రిపోర్టులో ముఖ్యంగా పగటి సగటు, రాత్రి సగటు, రాత్రి కనిష్ఠం చూడండి. మావయ్యకి పగటి సగటు 128/76. రాత్రి సగటు 98/54. తెల్లవారుజామున 3 గంటలకు 84/46.

ముందు ఎంత శాతం తగ్గిందో చూద్దాం. పై అంకెల తేడా 128 నుంచి 98, అంటే 30. 30ని 128తో భాగిస్తే 23 శాతం. 10 నుంచి 20 మామూలు, 20 దాటితే మరీ ఎక్కువ పడుతున్నట్టు. పగటి 128 ఇంట్లో తీసిన బీపీతో సరిపోయింది. క్లినిక్‌లో వచ్చిన 150 తెల్లకోటు చూసిన టెన్షన్ వల్ల వచ్చింది కావచ్చు. అలా అయితే రాత్రి మాత్ర అవసరమా అని డాక్టరుని అడగాల్సిందే.

తర్వాత కంటి నరానికి మిగిలే ఒత్తిడి. తేలిక లెక్క ఒకటుంది: కింది బీపీ అంకెలోంచి కంటి ప్రెషర్ తీసేయండి. పగలు 76లోంచి 12 తీస్తే 64. రాత్రి పడుకున్నప్పుడు కంటి ప్రెషర్ 16 అనుకుంటే, 54లోంచి 16 తీస్తే 38. మూడింటికి 46లోంచి 16 తీస్తే 30. పగటి దానిలో సగం కంటే తక్కువ. 1995లో వచ్చిన బాల్టిమోర్ కంటి సర్వేలో ఈ తేడా 30 కంటే తక్కువ ఉన్నవాళ్లలో గ్లాకోమా ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. అది పగలు కొలిచిన లెక్క కాబట్టి రాత్రి అంకెకు నేరుగా అంటగట్టలేం. అయినా మావయ్య కన్ను ప్రతి రాత్రీ ఏ స్థాయికి దిగుతోందో అర్థమైంది.

మీ రిపోర్టులో దీనికి తిరగబడ్డ లెక్క కూడా రావచ్చు. రాత్రి బీపీ అసలు తగ్గకపోవడం, లేదా పగటి కంటే పెరగడం. షుగర్, కిడ్నీ జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే గురక ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. రాత్రి సగటు 120/70 దాటితే అది బీపీ జబ్బు కిందే లెక్క. అలాంటివాళ్లు రాత్రి మాత్రను తగ్గించుకుంటే పక్షవాతం, గుండెపోటు ప్రమాదం పెరుగుతుంది. రిపోర్టు లేకుండా ఊహతో మాత్రలు మార్చవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఐదో పని: డాక్టర్ల దగ్గర ఏం అడగాలి

పట్టిక, 24 గంటల రిపోర్టు, ఫీల్డ్ రిపోర్టులు, మూడూ ఒకే ఫైల్లో పెట్టి ముందు బీపీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయనకి గ్లాకోమా సంగతి తెలియకపోవచ్చు. "కంటి నరం దెబ్బతింటోంది, రాత్రి బీపీ ఇంత పడుతోంది, రాత్రి మాత్రను తగ్గించడమో పొద్దుటికి మార్చడమో కుదురుతుందా?" అని నేరుగా అడగండి. పొద్దుటికి మారిస్తే గుండెకి నష్టమేమో అన్న బెంగకు జవాబు ఉంది. బ్రిటన్‌లో 21,000 మందికి పైగా బీపీ పేషెంట్ల మీద చేసి 2022లో ప్రచురించిన టైమ్ ట్రయల్‌లో, మాత్ర పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో తేడా కనిపించలేదు.

అయితే గంట మార్చడం అన్ని మాత్రలకూ ఒకేలా పనిచేయదు. ఆమ్లోడిపిన్ ఒంట్లో ఒక రోజుకు మించి ఉంటుంది. దాన్ని రాత్రి నుంచి పొద్దుటికి మార్చినా రాత్రి బీపీ పెద్దగా మారదు, మోతాదే తగ్గించాలి. గంట మార్చాం కదా, సమస్య తీరిపోయిందని ఊరుకోవడం ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు.

మావయ్య విషయంలో బీపీ డాక్టరు సిల్నిడిపిన్ ఆపేశారు, టెల్మిసార్టాన్ పొద్దున అలాగే ఉంచారు. యూరాలజీ డాక్టరు టామ్సులోసిన్‌ను పొద్దున టిఫిన్ తర్వాతకి మార్చారు. మొదటి వారం లేచి నిలబడేటప్పుడు నెమ్మదిగా లేవమన్నారు. ఎవరో పక్కింటాయన బీపీ పెరగడానికి రాత్రి ఆవకాయ ఎక్కువ తినమన్నారట, దాన్ని మాత్రం నేను గట్టిగా ఆపాను. గుండె, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి అది హాని.

ఆరో పని: కంటి చుక్కల వేళ

రాత్రి నిద్రలో కన్ను తన లోపలి నీటిని తయారు చేయడమే తగ్గిస్తుంది. టైమోలాల్ పని కూడా ఆ నీటి తయారీని తగ్గించడమే. అందుకే రాత్రి అది కంటి ప్రెషర్‌ని పెద్దగా తగ్గించలేదు, కానీ బీపీని కిందికి లాగగలదు. బ్రిమోనిడిన్ కూడా రాత్రి అంతంతమాత్రమే. లటానోప్రోస్ట్, డార్జోలమైడ్ రాత్రి కూడా పనిచేస్తాయి. మావయ్యకి కంటి డాక్టరు రాత్రి టైమోలాల్ తీసేసి డార్జోలమైడ్ ఇచ్చారు. పొద్దుటి డోసు మాత్రం ఉంచారు.

టైమోలాల్ తప్పనిసరి అయినవాళ్లు ఒక చిన్న పని చేయొచ్చు. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి లోపలి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. చుక్క ముక్కులోకి దిగే దారి మూతపడి, రక్తంలో కలిసేది బాగా తగ్గుతుంది.

ఏడో పని: మార్చాక మళ్లీ కొలవడం

నెల, నెలన్నర తర్వాత రికార్డింగ్ మళ్లీ చేయించండి. ఇది మానేస్తే పడ్డ శ్రమంతా సగంలో ఆగిపోయినట్టే. రెండు వైపులా చూడాలి: రాత్రి మరీ పడకూడదు, పగలు అదుపు తప్పకూడదు. మావయ్యకి ఆరు వారాల తర్వాత పగటి సగటు 132/78, రాత్రి సగటు 112/64 వచ్చింది. తగ్గుదల 15 శాతం. రాత్రి నరానికి మిగిలేది 64లోంచి 16 తీస్తే 48. అంతకు ముందు 38. పగటి బీపీ 135/85 లోపలే ఉంది కాబట్టి బీపీ డాక్టరుకీ అభ్యంతరం లేకపోయింది.

ఫీల్డ్ టెస్టు నాలుగైదు నెలలకోసారి చేయించుకుంటూ కనీసం ఏడాదిన్నర చూడాలి. అంతకంటే ముందు బాగుందనీ బాగోలేదనీ తేల్చలేం. పోయిన చూపు తిరిగి రాదు, జారడం ఆగిందా అన్నదే చూడాల్సింది. మావయ్య ఎడమ కన్ను రెండేళ్లలో -7.0 నుంచి -7.2 దగ్గర ఉంది, ఆ తేడా పరీక్షకీ పరీక్షకీ వచ్చే ఊగిసలాట లోపలే. చుక్క కూడా మారింది కాబట్టి ఇదంతా బీపీ సరిచేయడం వల్లేనని నేను చెప్పలేను.

ఆ తర్వాత ఏ డాక్టరు కొత్త మాత్ర రాసినా, నిద్రమాత్ర అయినా, ప్రోస్టేట్‌ది అయినా, మగతనం సమస్యకు వాడే సిల్డెనాఫిల్ అయినా, ఆ పట్టికలో గంటతో సహా చేరుతుంది. అత్తయ్య దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పోయిన నెల జ్వరానికి వెళ్లినప్పుడు డాక్టరుకి ముందు ఆ కాగితమే చూపించిందట.